అడుగు తాకని గీత

సూర్యాపేటలో మాది ప్రైవేటు డిగ్రీ కాలేజీ; నేను ఎకనామిక్స్ చెబుతాను. ఒకే రకం దుకాణాలు ఎన్నో ఉండి, దేని ప్రత్యేకత దానికుండే గుత్తాధిపత్య పోటీ బొమ్మలో పిల్లలు ప్రతి ఏడూ ఒకే తప్పు చేస్తారు. వాలుగా దిగే డిమాండ్ గీతను గిన్నెలాంటి సగటు వ్యయరేఖకు అడుగున ఆనిస్తారు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

“వాలు గీత అడుగున ఆనదు, కోసుకుపోతది! ఎడమ వాలునే తాకాలె. గాడ ధర, ఖర్చు సమానం, లాభం సున్నా. అడుగు దాకా చేసే సత్తువ ఉన్నా ఖాళీగ పడి ఉంటది.”

క్లాసులో సెలూన్ నడిపే ఒకాయన కూతురు లేచింది. “మా గల్లీల కొత్త సెలూన్లు పడ్డంక గిరాకీ పంచుకపోయింది సార్. నాయిన కూలి గూడ ఖర్చుల కలిపితే మిగిలేది ఏం లేదు. రెండు కుర్చీలు ఖాళీగనే ఉంటయ్.”

“శభాష్! ఇంకో ఉదాహరణ?”

“మన రోడ్డు మీద గూడ కొత్త కాలేజీలు పడ్డయ్ కద సార్,” అంటూ ఆమె వెనకాల ఖాళీ బెంచీల వైపు తిరిగింది.

నేను గబగబా బోర్డు తుడిచేశాను.