మూడు జీబీల ఖాళీ

కొత్తవాడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల సమ్మయ్య దుకాణం. సెల్‌ఫోన్‌కు కవర్లు, చార్జర్లు అమ్ముతాడు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా తండ్రితో పాటు జంపఖానాలు నేసిన మనిషి. మగ్గం కూడు పెట్టడం మానేశాక మెమరీ కార్డులలో పాటలు, సినిమాలు ఎక్కించే పనికి దిగాడు. చదివింది ఏడో తరగతి. కానీ ఏ ఫోన్‌లో ఏ ఫైలు నడుస్తుందో, ఏది మొరాయిస్తుందో చేతిలోకి తీసుకోగానే చెప్పేవాడు. తర్వాత నెట్టు చవకైంది. కార్డు పట్టుకొని వచ్చే వాళ్లు లేకుండా పోయారు. ఆయనకు తెలిసిన విద్యంతా ఎవరికీ అక్కరలేనిదైంది.

కరోనా వచ్చిన ఏడాది ఆ విద్యతో నాకు పనిబడింది. ఏటూరునాగారం అవతల అడవిలో, ముప్పై ఒక్క ఇళ్ల కోయ గూడెంలో నేను టీచర్‌ని. ఇంటికొక్కరు చొప్పున ముప్పై ఒక్క మంది పిల్లలు. బడి మూసేశారు. పాఠాలు ఫోన్‌లో వినమన్నారు. గూడెంలో సిగ్నలే లేదు. ఈ ఆదేశాలిచ్చే వాళ్లను ఒక్క రోజు అక్కడ కూర్చోబెట్టాలని నాకు ఇప్పటికీ కోరిక.

బడిలో వంట చేసే లింగమ్మ కోయ మనిషి. ఆమే తల్లిదండ్రులతో మాట్లాడి ఒక ఒప్పందం చేసింది. పిల్లలు రోజూ పొద్దున ఫోన్ ముందర కూర్చుని పాఠం వింటుంటే సంక్రాంతి తర్వాత మిరపకాయ ఏరడానికి తీసుకుపోరు. వినకపోతే తీసుకుపోతారు. మిరప తోటకు పోయిన పిల్లలు మళ్లీ బడికి రావడం నా పదకొండేళ్లలో నేను పెద్దగా చూడలేదు.

అందుకే సమ్మయ్య దగ్గరికి వెళ్లాను. పిల్లలకు మంచి వీడియోలు కార్డులో వేసిద్దామని చెప్పాను.

"వీడియో తర్వాత. ముందు వాళ్ల కాడ ఏం ఫోన్లున్నయో రాసుకొని రాన్రి టీచరమ్మా" అన్నాడు.

రాసుకొని వచ్చాను. ఇరవై తొమ్మిది బటన్ ఫోన్లు, రెండు టచ్ ఫోన్లు. ఆ కాగితం చూసి నా ఆలోచనలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాడు.

"పీడీఎఫ్ పుస్తకం గీ ఫోన్లల్ల తెర్సుకోదు. పేజీని ఫోటో తీసి ఆరు ముక్కలు చేద్దాం, ఒక్కో ముక్క తెర నిండ కనవడ్తది. హెచ్‌డీ వీడియో అస్సలు నడువది. చిన్న త్రీజీపీ రకం వీడియో చేస్త, నిమిషానికి రెండు మూడు ఎంబీలు. గని అసలు పాఠం ఎంపీత్రీల ఉండాలె. అది మోగని ఫోను లేదు."

ఎంపీత్రీ పాఠాలు లింగమ్మ చెప్పింది. నేను తెలుగులో చెబితే ఆమె కోయలో అందుకుంది. ఒకటో తరగతి పిల్లలకు తెలుగు ఇంకా పరాయి భాషే. పది నిమిషాల పాఠం ఐదు ఎంబీలు. అలాంటివి అరవై, అంటే మూడు వందల ఎంబీలు. ఫైళ్ల పేర్లు తెలుగులో పెడితే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయని అంకెలు పెట్టాడు. ఒకటి అని కాకుండా సున్నా ఒకటి అని పెట్టాడు. లేకపోతే ఒకటి తర్వాత పది వచ్చి కూర్చుంటుందట.

అన్నీ కలిపి ఏడు వందల ఎంబీలు అయ్యాయి. నాలుగు జీబీల కార్డు. ఇంకా మూడు జీబీలు మిగిలాయి కదా, ఇంకేమైనా వేద్దామన్నాను.

సమ్మయ్య నవ్వాడు. "గది పాటలకు టీచరమ్మా. జాగ ఇడవకపోతే తండ్రి పాఠాలు డిలీట్ కొట్టి పాటలు ఎక్కిచ్చుకుంటడు. పదిహేనేండ్లు గదే జూసిన. ఇంకోటి. పంచేముందు ఒక్క కార్డు లింగమ్మ ఫోన్ల పెట్టి చూడున్రి. మోగితేనే కార్డులు ముట్టినయని సంతకం పెట్టున్రి."

కార్డులు కొనివ్వడానికి ఒక సేవా సంస్థ ముందుకొచ్చింది. సమ్మయ్య చేసిన కార్డు చూసి వాళ్లే ముప్పై ఒకటి తయారు చేస్తామన్నారు. దాని బాధ్యుడు సుందర్ రావు గారు. మంచి మనిషే, అదే వచ్చిన చిక్కు. ఆ కార్డును తన ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాడట. పెద్ద తెర మీద ఆ చిన్న వీడియోలు మసకగా కనిపించాయి. లింగమ్మ పాఠాల వెనక కోడి కూసింది. అన్నిటికంటే ఆయనను బాధించింది మూడు జీబీల ఖాళీ.

జనవరిలో ఏటూరునాగారంలో పంపిణీ సభ పెట్టారు. లింగమ్మను తీసుకొని వెళ్లాను. వేదిక మీద ప్రొజెక్టర్‌లో ఒక పాఠం వేశారు. పూలు, పక్షులు, రంగులు, స్టూడియోలో చదివిన కమ్మటి తెలుగు గొంతు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మీరిచ్చినవన్నీ తీసేయించాను మేడం. పన్నెండు హెచ్‌డీ పాఠాలు, ఒక్కొక్కటి మూడు వందల ఎంబీలు. ఇప్పుడు కార్డు నిండుగా ఉంది. అడవి పిల్లలని నాసిరకం ఇస్తామా?" అన్నాడు సుందర్ రావు గారు, ఎంతో ప్రేమగా.

నేను ఒక కార్డు తీసుకొని వరండాలోకి వచ్చి లింగమ్మ బటన్ ఫోన్‌లో పెట్టాను. ఫైల్ సపోర్ట్ చేయదు అని వచ్చింది. రెండోది నొక్కాను. అదే. పన్నెండూ నొక్కాను.

"నా మాట ఏది టీచరమ్మా?" అని అడిగింది లింగమ్మ.

లోపల మైకులో నా పేరు పిలుస్తున్నారు. శాలువా పట్టుకొని నిలబడ్డారు, ఫోటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడు. నేను లోపలికి వెళ్లాను. "కార్డులు పరీక్షించి తీసుకున్నాను, ముప్పై ఒక్క మందీ పాఠాలు వింటున్నారు" అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. తర్వాత మెల్లగా సరిచేసుకుందాం అనుకున్నాను. నాలాంటి పిరికివాళ్లందరికీ ఆ తర్వాత అనేది బాగా ఉపయోగపడుతుంది.

పది రోజులు బటన్ ఫోన్లన్నీ మూగగా ఉన్నాయి. తండ్రులు వీడియోలు తీసేసి పాటలు ఎక్కించుకున్నారు. మాట తప్పింది వాళ్లు కాదు. ఇరవై నాలుగు మంది పిల్లలు మిరప తోటలకు పోయారు. కొత్త కార్డులు చేయించండని సుందర్ రావు గారిని అడిగితే, నా సంతకం ఉన్న కాగితం చూపించాడు. అన్నీ నడుస్తున్నాయని దాతలకు ఎప్పుడో రాసి పంపేశామన్నాడు. మండల ఆఫీసుకు వెళ్లి పిల్లలను వెనక్కి తెప్పించమన్నాను. అక్కడా అదే కాగితం. "చదువుకుంటున్న పిల్లల్ని ఎక్కడి నుంచి తెప్పించాలి మేడం?" అన్నారు.

గూడెంలో కార్డులు పోగు చేసుకొని సమ్మయ్య దగ్గరికి వచ్చాను. సంతకం సంగతీ పిల్లల సంగతీ విని ఒక కార్డు రీడర్‌లో పెట్టాడు.

"గూడెంల ఎంతమంది పిల్లలు ఉన్నరు ఇప్పుడు?"

"ఏడుగురు."

ఏడు కార్డులు లెక్కపెట్టి తీసుకున్నాడు. లింగమ్మ పాఠాలు ఆయన కంప్యూటర్‌లో భద్రంగానే ఉన్నాయి. ఒక్కో కార్డూ ఎక్కించి, బల్ల మీదున్న పాత బటన్ ఫోన్‌లో పెట్టి, కోడి కూత దాకా విని పక్కన పెట్టాడు.

"పంచేముందు లింగమ్మ ఫోన్ల పెట్టి చూసిన్రా?"

"చూశాను."

"మోగిందా?"

"లేదు."

సమ్మయ్య ఏడో కార్డు తీసి కాగితంలో చుట్టాడు.

"సంతకం పెట్టకపోతే, ఎందుకు నడుస్తలెవ్వని ఆ సారే కార్డులు నా కాడికి పంపుతుండె. గీ కంప్యూటర్ల పాఠాలన్ని ఉన్నయి గద. ముప్పై ఒక్క కార్డులు ఎంతసేపు టీచరమ్మా? ఒక్క దినం పని."