నా రోగులను అప్పగించిన రోజులు

ఒక గుండె చప్పుడు నాకు వినపడకపోవడంతో ఆస్పత్రి వదలాలని అనుకున్నాను.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఒక ట్రస్టు ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ చూసేవాణ్ణి. రిటైరయ్యే వయసు దాటిపోయినా కాంట్రాక్టు మీద కొనసాగుతూ వచ్చాను. నా భార్య పోయాక ఆస్పత్రే ఇల్లయింది. ఇల్లు నిద్రపోయే చోటుగా మిగిలింది. రోజూ డైరీ రాయడం చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఆమె పోయిన తర్వాత అందులో ఆస్పత్రి సంగతులు తప్ప వేరే ఏమీ ఉండేవి కావు.

ఆ గుండె చప్పుడు నంగలి దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక రైతు ఇంటి ఆమెది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల గుండెలో ఒక కవాటం పాడై, బెంగుళూరులో లోహపు కవాటం అమర్చారు. అలాంటి కవాటం కొట్టుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. దగ్గర కూర్చున్నవాళ్ళకు స్టెతస్కోపు లేకుండానే వినపడుతుంది. "మా ఇంట్లో గోడ గడియారం కొనే పని లేదప్పా" అని ఆమె భర్త నాతో నవ్వుతూ చెప్పేవాడు. లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. మాత్ర తక్కువైతే కవాటం మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడైనా రక్తస్రావం అవుతుంది. అందుకే నెలకొకసారి రక్తపరీక్ష చేసి, ఐఎన్ఆర్ అనే అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉందో లేదో చూసి, మోతాదు రాసిస్తాము.

ఒక నెల ఆమె ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే నాకు ఆ టిక్కు వినపడలేదు. కవాటం మీద గడ్డ కట్టినప్పుడు ఆ చప్పుడు మందగిస్తుంది. భయపడి వెంటనే ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించాను. కవాటం శుభ్రంగా ఉంది. డ్యూటీ డాక్టరును పిలిచి వినమన్నాను.

"బాగా వినబడ్తా ఉండాది సార్" అన్నాడు అతను, నా ముఖం చూడకుండా.

చెవి పరీక్ష చేయించుకుంటే, వయసుతో సన్నని, పదునైన చప్పుళ్ళు వినే శక్తి పోయిందని తేలింది. మాటలు వినపడతాయి. కవాటాల టిక్కు వినపడదు. వినే యంత్రం పెట్టుకుని స్టెతస్కోపు వాడేవాళ్ళు ఉన్నారు. కానీ నాకు నా చెవుల మీద నమ్మకం పోయింది. ఆ వారమే రాజీనామా రాయడానికి కూర్చున్నాను.

రాజీనామా కారణం ఒక్క పేరాలో అయిపోయింది. మిగతాదంతా రోగుల గురించే. కాంట్రాక్టు ప్రకారం నోటీసు కాలం మూడు నెలలు. నా స్థానంలో ఫిజీషియన్ చేరి, కనీసం ఆఖరి నెల నాతో పాటు ఓపీలో కూర్చునేలా ఏర్పాటు చేయమని కోరాను. నా దగ్గర క్రమంగా చూపించుకునేవాళ్ళ వివరాలు జతచేశాను. ఒక్క వాయిదా తప్పినా ప్రాణానికి ముప్పున్నవాళ్ళు ముందు, తర్వాత నిదానంగా చూడగలిగినవాళ్ళు. ఒక్కొక్కరికీ జబ్బు, ఇప్పుడు వాడుతున్న మందు, ఆఖరి రిపోర్టు, తర్వాతి తేదీ, ఇంటి ఫోను రాశాను. నా పేరు మీద పంపి ఇంకా రిపోర్టు రాని పరీక్షలు ఎవరి చేతికి రావాలో రాశాను. ఎవరైనా తేదీకి రాకపోతే వారంలోపు ఆస్పత్రి నుంచి ఫోను చేయాలని రాశాను. గనుల్లో పనిచేసి ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకున్న పెద్దవాళ్ళకు, ఎక్స్‌రేలో మచ్చలు కనిపించగానే టీబీ మందులు మొదలుపెట్టకుండా పాత ఫిల్ముతో పోల్చి చూడాలనీ, అయితే వాళ్ళకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువే కాబట్టి కఫం పరీక్ష మానకూడదనీ విడిగా రాశాను.

సూపరింటెండెంటు నాకంటే బాగా చిన్నవాడు. కాగితాలు తిరగేసి తిరగేసి నవ్వాడు.

"రాజీనామా అంటే నాలుగు లైన్లు సార్. మీరు వీలునామా రాసినారు."

"ఆస్తి ఇదే కదప్పా" అన్నాను.

"సరే, ఎవురికి రాసిచ్చినారో ఆ వారసుల్ని యాడ నుంచి తెచ్చేది నేను? ఈ ఊరికి ఫిజీషియన్ రావాలంటే బతిమలాడాల."

బతిమలాడాడో ఏమో, నోటీసు కాలం ముగిసేలోపే ఒక యువ డాక్టరమ్మను తెచ్చాడు. కన్నడం, తమిళం బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతుంది. మొదటి రోజే నా కాగితాలు చదివి వచ్చి, ఎవరెవరి కిడ్నీ రిపోర్టులు పాతబడ్డాయో అడిగింది. అప్పుడు నాకు సగం బరువు దిగింది. మిగతా సగం దిగకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

ఆ నెలంతా ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాము. వచ్చిన ప్రతివాళ్ళకూ నేనే చెప్పాను, ఇక నుంచి ఈ డాక్టరమ్మ చూస్తారు, మీ కేసు అంతా ఆమెకు తెలుసు, ఫైలు ఇక్కడే ఉంటుంది అని. వాళ్ళు తలూపేవాళ్ళు. ఆమె అడిగిన ప్రశ్నకు నా వైపు తిరిగి జవాబు చెప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. తర్వాత ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్ళి నిలబడేవాణ్ణి. తలుపు లోపల నుంచి మాటలు వినపడేవి. నా అవసరం లేకుండానే సాగేవి.

నంగలి ఆమె కూడా ఆ నెలలో వచ్చింది. డాక్టరమ్మ ఛాతీ విని, మోతాదు రాసి, వచ్చే తేదీ చెప్పింది. బయటికొచ్చి నంగలి ఆమె నన్ను ఆపింది.

"అయితే మీరు క్లినిక్ యాడ పెడ్తా ఉండారప్పా?"

"క్లినిక్కు లేదమ్మా. మానేసినాను."

"అట్లే అంటారులే" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఊరుకోవాల్సింది కాదు. మా పక్క ఏ డాక్టరు పెద్దాస్పత్రి వదిలినా నెల తిరక్కుండా సొంతంగా బోర్డు కడతాడు. ఆస్పత్రిలో ఉండగా ఆ సంగతి బయటికి చెప్పకూడదు కాబట్టి, అడిగితే లేదంటాడు. రోగులకు ఇదంతా తెలుసు. బోర్డు ఎప్పుడు పడుతుందా అని చూస్తుంటారు, పడగానే వెతుక్కుంటూ వెళ్తారు. అన్ని పేజీల కాగితాల్లో నేను రాయని విషయం అదొక్కటే. నేను లేదన్నది వాళ్ళకు ఉందన్నట్టే వినపడుతుందని నాకు తట్టలేదు.

ఆస్పత్రి వదిలాక అదే ఊళ్ళో రాబర్ట్‌సన్‌పేటలో మా ఇంట్లో పగలు ఎంత పొడుగో తెలిసింది. పొద్దున్నే చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళనవసరం లేదని గుర్తొచ్చి, కూర్చునేవాణ్ణి. మార్కెట్టుకెళ్ళి ఇద్దరికి సరిపడా కూరలు కొని, వండుకోక పారేసేవాణ్ణి. డైరీలో 'విశేషం లేదు' అని వరసగా రాశాను. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి గాలి లేచినప్పుడు కిటికీలు మూసేవాణ్ణి, తర్వాత తెరిచేవాణ్ణి. ఆ రోజుకు అదే పని.

ఒక రోజు డాక్టరమ్మ ఫోను చేసింది. "సార్, ఆ వాల్వ్ పేషెంట్ తేదీకి రాలేదు. వారం దాటింది. ఫోన్ చేస్తే అత్తగారు తీసి, డాక్టర్ దగ్గరికే పోయినాది అంటా ఉండారు. మీ దగ్గరికి వచ్చినారా?"

రాలేదన్నాను. ఫోను పెట్టాక గేటు వైపు చూస్తూ కూర్చున్నాను. మరుసటి రోజు పొద్దున ఆమె వచ్చింది. నంగలి నుంచి ముళబాగిలు, అక్కడ బస్సు మారి, మా వీధి కనుక్కుంటూ వచ్చింది. చేతిలో పాల క్యాను. మెట్లు ఎక్కి ఆయాసపడింది.

"నిన్న ఊరంతా తిరిగినాను. మీ బోర్డు యాడా కానరాలేదు. దొరక్క వెనక్కి పోయి, ఈ పొద్దు మళ్ళా వచ్చినాను" అంది, తప్పు నాదన్నట్టు.

"ఆస్పత్రికి ఎందుకు పోలేదమ్మా?"

"మీరు పెడ్తారు కదా అని ఆగినాను. ఇంగ మాత్రలు అయిపోతా ఉంటే సగం సగం చేసి వేసుకున్నాను. చాలినాయి చూడండి."

వెంటనే ఆమెను కూర్చోబెట్టాను. నాడి చూశాను, వేగంగా ఉంది. ఆమె పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ వినపడలేదు. చప్పుడు ఆగిపోయిందో, నా చెవికి అందడం లేదో చెప్పడానికి ఆ ఇంట్లో మరో మనిషి లేడు.

"చూసి మాత్ర రాసీండప్పా, మధ్యాహ్నం బస్సుకు పోవాల" అంది ఆమె.

రాయలేదు. పాలు లోపల పెట్టి, ఇంటికి తాళం వేసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. దారంతా ఆమె కోపంగా ఉంది. "మీరు కూడా తోసేస్తే ఇంగ మేము యాడికి పోవాల?" అని ఒకసారి అడిగింది. నేను డాక్టరమ్మకు ఫోను చేసి, తీసుకొస్తున్నానని చెప్పాను.

డాక్టరమ్మ వెంటనే లోపలికి తీసుకుంది. నేను అలవాటుగా వెనక వెళ్ళబోయాను. కొత్తగా చేరిన నర్సు చెయ్యి అడ్డం పెట్టి, "పేషెంటుతో వచ్చినోళ్ళు బయట ఉండాల తాతా" అంది. బెంచీ మీద కూర్చున్నాను. ఆ తలుపుకు ఈ పక్కన అంత సేపు కూర్చోవడం అదే మొదటిసారి. లోపల ఏం జరుగుతోందో ప్రతి మెట్టూ తెలుసు. తెలిసీ ఏమీ చేయలేని చోట కూర్చున్నాను.

చాలాసేపటికి డాక్టరమ్మే బయటికి వచ్చింది. "టిక్కు స్పష్టంగా ఉంది సార్. ఎకోలో గడ్డ లేదు. ఐఎన్ఆర్ మాత్రం బాగా పడిపోయింది. అడ్మిట్ చేస్తా ఉండాను. అంకె సరయ్యేదాకా గడ్డకట్టకుండా పొట్ట మీద ఇంజెక్షన్లు, మాత్ర పూర్తి డోసు. ఆయాసం మెట్లవల్ల, భయంవల్ల అనుకుంటాను, అయినా చూస్తాను."

"మీ ఇష్టం" అన్నాను. ఇక రోగి తనదేనని ఒప్పుకునే ఆ మాట అనడానికి నాకు అన్నాళ్ళు పట్టింది.

ఆ మరునాడే సూపరింటెండెంటుకు ఇంకొక ఉత్తరం ఇచ్చాను. నేను ఎక్కడా, ఏ పేరుతోనూ రోగులను చూడడం లేదని, నా దగ్గరికి వస్తే ఆస్పత్రికే పంపుతానని, ఈ మాట నా రోగుల్లో ప్రతి ఇంటికీ ఫోనులో చెప్పాలని రాశాను. ఒక్క వాయిదా కూడా తప్పకూడనివాళ్ళకు ముందు చెప్పమన్నాను. ఆయన చదివి, "ఇప్పుడు వీలునామా పూర్తయినట్టేనా సార్?" అన్నాడు. ఫోన్లు చేస్తే, బోర్డు కోసం ఆగినవాళ్ళు ఇంకా కొందరున్నారని తేలింది. ఒక్కొక్కరే తేదీకి రావడం మొదలుపెట్టారు.

మా గేటుకు కూడా ఒక రేకు కట్టాను: 'ఇక్కడ రోగులను చూడరు.' కన్నడంలో, తమిళంలో, తెలుగులో. అది బాగా పనిచేసింది. ఎవరూ రాలేదు. ఎంత బాగా అప్పగిస్తే అంత నిశ్శబ్దం. అది నేను కోరి తెచ్చుకున్నదే. అయినా గేటు చప్పుడైతే లేచి చూసేవాణ్ణి, పేపరు కుర్రవాడు వెళ్ళిపోతూ ఉండేవాడు.

కొన్ని నెలలకు నా రక్తపోటు కోసం ఆస్పత్రికి వెళ్ళి టోకెన్ తీసుకున్నాను. బెంచీ మీద నా పక్కన నంగలి ఆమె కూర్చుని ఉంది. చేతిలో కొత్త రిపోర్టు ఉంది. దాన్ని నాకు చూపించలేదు. నేనూ అడగలేదు.

"మీరు ఎవురికి చూపించుకుంటారప్పా?" అంది.

"ఈ డాక్టరమ్మకే."

ఆమె సరే మంచిదే అన్నట్టు తలూపింది. లోపల నుంచి ఆమె టోకెన్ పిలిచారు. లేచి, కొంగు సర్దుకుని, నా వైపు తిరక్కుండా లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నా వంతు కోసం కూర్చున్నాను.