ఉన్నదున్నట్టు రాసిన టు-లెట్ కాగితం

మాదాపూర్ బండరాళ్ల మధ్య హైటెక్ సిటీ భవనం అప్పుడే లేచింది. అది కిటికీలోంచి కనిపించే ప్రతి ఇంటికీ కిరాయి పెరిగింది. ఆ రోజుల్లో నేను ఇళ్లు అద్దెకు కుదిర్చే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆఫీసంటే ఒక గది, ఒక ఫోను, అనంతపురం నుంచి వచ్చిన మా సారు. ఊరందరికీ ఇళ్లు చూపించే నాకు మాత్రం ఇల్లు లేదు. నేనూ నా స్నేహితురాలూ ఉంటున్న లేడీస్ హాస్టల్‌ని నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు. దాన్ని కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌కి ఇచ్చేశారట. దేశం ముందుకు వెళ్తున్నప్పుడు మాలాంటివాళ్లం కాస్త పక్కకి జరగాలి కదా.

ఆఫీసు వెనక సందులో ఒక ఫ్లాట్ దసరా నుంచి ఖాళీగా ఉంది. ఇంటామె కింద ఉండేది, పైన రెండు పడకగదుల ఫ్లాట్ కిరాయికి. మా సారు దానికి ‘విశాలమైన, విలాసవంతమైన డబుల్ బెడ్‌రూమ్’ అని ప్రకటన రాశాడు. వచ్చినవాళ్లు రెండో గది తలుపు తీసి, అది సామాన్ల గది అనుకుని, “రెండో బెడ్‌రూమ్ ఎక్కడండీ?” అని అడిగేవారు. ఆ తర్వాత మళ్లీ వచ్చేవారు కాదు.

చివరికి సారు నావైపు తిరిగాడు. “ఏమ్మా, నువ్వెప్పుడూ ఇల్లు బాడుగకు తీసుకోలేదు కదా? ఈడికొచ్చే పిల్లోళ్లూ అంతే. నువ్వైతే ఏమేం అడుగుతావో అదే రాయి.”

నాకు అంతకంటే ఇష్టమైన పని ఇంకోటి లేదు. టేపు పట్టుకుని గదులు కొలిచాను. కొళాయిలు తిప్పాను. ఇంటామె వెనకాలే తిరిగి, విసుక్కునేదాకా ప్రశ్నలు అడిగాను. కిరాయి ఎంతో పైనే వేసి, కింద ఇలా రాశాను:

‘మొదటిసారి ఇల్లు తీసుకుంటున్నారా? ఇది చిన్న ఫ్లాట్. ఇద్దరికి హాయిగా సరిపోతుంది, నలుగురికి చాలదు. రెండో గదిలో ఒక మంచం, ఒక బల్ల పడతాయి. వంటగదిలోకి పొద్దున్నే ఎండ వస్తుంది. కొళాయిలో మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, మిగతాదంతా బోరు. నీళ్ల ఖర్చు కిరాయిలోనే, కరెంటు మీటరు వేరు. అడ్వాన్సు రెండు నెలలది; ఖాళీ చేసినప్పుడు సున్నం ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు. ఆఫీసులకు నడిచి వెళ్లొచ్చు.’

చదివి వినిపిస్తే ఇంటామె మండిపడింది. “ఏంది బిడ్డా, గిట్ల రాసినవ్? నా ఇల్లు చిన్నగున్నదని ఊరంత చాటిస్తవా?”

“చూసినోళ్లకు ఎట్లాగూ కనపడుతుంది కదమ్మా,” అన్నాడు సారు. ఆమె మూతి ముడుచుకుని ఒప్పుకుంది.

కాగితాన్ని జిరాక్సు తీయించి ఆఫీసుల దగ్గరి టీ బడ్డీల్లో, ఇరానీ హోటల్లో అంటించాం. మర్నాటి నుంచి ఫోను ఊపిరి తీసుకోలేదు. వచ్చినవాళ్లు గదులు చూసి, “కాగితంలో రాసినట్టే ఉందండీ” అని సంబరపడేవారు. నేను గర్వంతో ఉబ్బిపోయేదాన్ని. ఆ తర్వాత మెట్ల దగ్గర కుర్చీ వేసుకున్న ఇంటామె ముందు నిలబడేవారు.

“ఎవరోళ్లు మీరు? పెండ్లయిందా? నీసు తింటరా?”

ఆమె వంటింట్లోంచి కోడికూర వాసన గుప్పుమంటూ ఉండేది. ఆ వాసనలో నిలబడి కుర్రాళ్లు తాము పప్పు తప్ప ఎరగమని ప్రమాణాలు చేసేవారు. అయినా పెళ్లికానివాళ్లని వెనక్కి పంపేసేది. ఆమె షరతులు కూడా కాగితంలో చేరుద్దామన్నాను.

“ఇంటిని గురించి రాయమన్నా గానీ, ఇంటామెను గురించి కాదు,” అన్నాడు సారు.

నెలాఖరు దగ్గరికొచ్చింది. ఒక సాయంత్రం స్నేహితురాలిని వెంటబెట్టుకుని ఆ కుర్చీ ముందు నేనే నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, రాస్తున్నప్పుడే ఆ ఇల్లు నాదైపోయింది. ఆ ‘ఇద్దరికి హాయిగా’ అన్నది మేమిద్దరమే. బల్ల కిటికీ పక్కన వేసుకోవాలని కూడా అనుకున్నాను. పెళ్లి కాలేదు, నీసు తింటాం, కానీ నేను తెలిసిన మనిషినే కదా, కాదనదనుకున్నాను.

ఆమె నవ్వింది. “పెండ్లి కానిదానికి ఫికర్ లేదు బిడ్డా. ఆడపిల్లలకైతే ఇస్తుంటి. కానీ నీకు మాత్రం ఇయ్య.”

“ఎందుకమ్మా?”

“ఏ కొళాయి కారుతదో నీకెరుక. నీళ్లు ఏ పొద్దు రావో నీకెరుక. అడ్వాన్సుల సున్నానికి ఎంత పట్టుకోవాల్నో కూడ నీకెరుక. ఇంత ఎరుకైన మనిషిని ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?”

ఏడుపొచ్చింది, దాంతోపాటు నవ్వూ వచ్చింది.

మర్నాడు ఆ ఫ్లాట్‌ని గుంటూరు నుంచి వచ్చిన ఇద్దరు ఉద్యోగం చేసే అమ్మాయిలకు ఇచ్చింది. వాళ్లు ఒక్క ప్రశ్న కూడా అడగలేదట.

“అన్నీ కాగితంలోనే ఉన్నాయి కదండీ,” అన్నారు నాతో, తాళంచెవి తీసుకుంటూ.