బొగ్గులు నిద్రపోయే కవిత

మా బడిలో తెలుగు చెప్పే మాస్టారిని పిల్లలు చాటుగా నీతి మాస్టారు అంటారు. ఎవరు ఏం రాసుకొచ్చినా, కుక్కపిల్ల మీదైనా సరే, చివర ఒక నీతి ఉండి తీరాలి. లేకపోతే ఆయనే దగ్గర కూర్చుని రాయిస్తారు. నేను అదే బడిలో లెక్కలు చెబుతాను. లెక్కలకు నీతి అక్కర్లేదు కనక మా ఇద్దరికీ పొసిగింది.

ఆయన తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎప్పుడూ పెన్సిలు కొరుకుతుంటుందని అందరూ ఉడత అనే పిలుస్తారు. తల్లి వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకుంది. ఆ తల్లి మీద ఉడత ఒక కవిత రాసింది. దాన్ని పోటీకి పంపాలి. గెలిస్తే పట్నంలో పెద్ద బడి, హాస్టలు, అన్నీ ఉచితం. కాకపోతే కవిత పిల్ల సొంతమేనని మాస్టారు సంతకం పెట్టాలి. ఆ రోజు సాయంత్రంలోగా పంపకపోతే అంతే సంగతులు.

మధ్యాహ్నం హెడ్మిస్ట్రెస్ గారు కంప్యూటరు గదిలోంచి మొహం ముడుచుకుని వచ్చారు. రాసింది మనిషా యంత్రమా తేల్చే సైటు ఒకటి ఉందట. అందులో వేసి చూశారట.

“మాస్టారూ, ఎనభై ఏడు శాతం యంత్రమే రాసిందంటోంది.”

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. “ఆ పిల్ల అలాంటిది కాదమ్మా” అన్నారు.

నాకు శాతాలతో చనువెక్కువ. వెళ్ళి అదే కవితను ఒక కామా తీసేసి వేశాను. అరవై మూడు వచ్చింది. ఇంకో సైటులో వేస్తే నలభై ఒకటి. ఇలా జవాబులు రాసే పిల్లలకు నేను సున్నా వేస్తాను.

“ఒక మాట తరవాత ఏ మాట వస్తుందో తేలిగ్గా ఊహించగలిగితే, అది యంత్రం పనే అనుకుంటుంది మాస్టారూ. చక్కగా రాసిన మనిషి కూడా దొరికిపోతాడు. చిన్న కవితైతే మరీ గుడ్డి లెక్క. పైగా అది తెలుగు చదివింది తక్కువ.”

“అయితే రాసే యంత్రాన్నే అడిగేద్దాం” అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

అడిగాం. అవును, నేనే రాశాను అంది, ఎంతో వినయంగా. మాస్టారికి అనుమానం వచ్చి, తన పెళ్ళినాడు రాసుకున్న పద్యం టైపు చేశారు. అదీ తనదేనంది. ఆయన పెళ్ళినాటికి ఊళ్ళో కరెంటు లేదు.

“ఎవరికి ఏం రాసిచ్చిందో దానికి గుర్తుండదు. అడిగినవాళ్ళకు తల ఊపుతుంది, అంతే” అన్నాను.

మాస్టారు ఆ మాట పట్టుకున్నారు. కవితలో ‘మా బట్టల వంతు వచ్చేసరికి బొగ్గులు నిద్రపోతాయి’ అని ఒక పాదం ఉంది. నిద్రపోతాయి బదులు చల్లారతాయి అంటే ఎలా ఉంటుందని యంత్రాన్ని అడిగారు. అద్భుతమైన సవరణ అంది. కాదులే, పాతదే బాగుంది అన్నారు. అది ఇంకా అద్భుతం అంది.

అప్పుడు ఉడతను పిలిపించారు.

“ఇదిగో, ఇక్కడ చల్లారతాయి అని మార్చు.”

“వద్దు సార్.”

“నేను చెబుతున్నాగా.”

“ముందు ఆరిపోతాయి అని రాసి కొట్టేశాను సార్. ఆరిపోతే మళ్ళీ అంటించుకోవాలి. నిద్రపోతే పైన బూడిద ఉంటుందంతే, ఊదితే లేస్తాయి. మా అమ్మ ఊదుతుంది.”

“మార్చకపోతే పోటీకి పంపను.”

ఉడత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అయితే పంపకండి సార్.”

నాకైతే ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది.

“ఇది రుజువంటారా?” అని హెడ్మిస్ట్రెస్ గారు గొంతు తగ్గించి అడిగారు.

“కాదు. కానీ ఎక్కడో దొరికిన మాట కోసం ఎవరూ హాస్టలు సీటు వదులుకోరమ్మా” అని మాస్టారు పెన్ను మూత తీశారు.

“మరి ఆ ఎనభై ఏడు ఎక్కణ్ణించి వచ్చినట్టు?”

సైటు తనకు అనుమానం ఉన్న పాదాలకు ఎర్రరంగు పూస్తుంది. మళ్ళీ తెరిచి చూశాం. బొగ్గుల పాదం మీద చుక్క ఎరుపు లేదు. చివరి నాలుగు పాదాలు మాత్రం ఎర్రగా మండిపోతున్నాయి. శ్రమే జీవితానికి వెలుగు, శ్రమే భవితకు బాట. మా బడిలో ఏ పిల్లను లేపినా అప్పజెబుతుంది.

మాస్టారు పెన్నుకు మూత పెట్టేశారు.

“సంతకం పెట్టలేను. ఇది పూర్తిగా తన సొంతం కాదు.”

ఉడత మొహం పాలిపోయింది.

“అమ్మాయ్, ఆ చివరి నాలుగూ కొట్టేయ్. అవి నేను రాయించినవి. అప్పుడు పెడతాను.”

ఒక్క మాట మార్చనని ఏడ్చిన పిల్ల, నాలుగు పాదాలనూ ఒక్క గీతతో కొట్టేసింది. క్షణం కూడా ఆలోచించలేదు. మాస్టారు సంతకం పెట్టారు గానీ, అదొక్కటీ ఆయనకు కాస్త గుచ్చుకుంది.