గోడ మీది పట్టిక

నర్సింగ్ చదివే ఆ పిల్ల ఫోన్ చూస్తూ కూర్చుని నోటి పరీక్ష తప్పిందని వీధంతా చెవులు కొరుక్కుంటోంది. శుద్ధ అబద్ధం. నిద్రలోనూ పాఠం వల్లించేదని పక్కన పడుకున్న కన్నతల్లికి తెలుసు.

షుగర్ పడిపోవడం, పెరిగిపోవడం కలగాపులగం కాకుండా పిల్ల గోడకు ఒక పట్టిక అంటించుకుంది. లక్షణాలన్నీ పొందికగా రాసి, పైన రాయాల్సిన 'పడిపోవడం', 'పెరగడం' అన్న పేర్లు మాత్రం ఆఖరున రాసింది. ఆ పేర్లు కాస్తా తారుమారయ్యాయి. చల్లటి చెమట, వణుకు పెరిగిన వైపుకు చేరాయి. దాహం, మాటిమాటికీ మూత్రం పడిపోయిన వైపుకు వెళ్లాయి. పిల్ల అలాగే కంఠస్థం చేసింది.

"రోగికి ఉన్నట్టుండి చెమటలు, వణుకు. ఏం చేస్తావ్?" అని పరీక్షలో అడిగారు.

"షుగర్ పెరిగిందండీ, ఇన్సులిన్ సిద్ధం చేస్తాను," అంది పిల్ల తడుముకోకుండా. పడిపోయిన షుగర్‌ను ఇన్సులిన్ ఇంకా దించి ప్రాణం మీదికి తెస్తుంది. అంతే, ఏడాది పోయింది.

పిల్ల ఏడుస్తూ సంగతి చెప్పగానే తల్లి గుండె భగ్గుమంది. పై వాటాలో ఉండే ఆడపడుచు అదే కాలేజీలో పాఠాలు చెబుతుంది. తల్లి గోడ మీంచి పట్టిక పీక్కుని పైకెళ్లింది.

"వదినా, రోజూ కింద మా గోడకెదురుగానే కూర్చుని టీ తాగేదానివి. ఇది నీ కంటపడలేదా?"

"మొదటి రోజే పడింది."

"సొంత మేనకోడలే! ఒక్క ముక్క చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"చెబితే పాసయ్యేది. రేపు మంచం మీద వణుకుతున్నవాడు లేచి, అమ్మాయ్, నీ పట్టిక తిరగబడిందని చెబుతాడా?"