బొటనవేలంత చోటు

చెప్పుల కొట్టు పెద్దమ్మ ఎవరికి బూట్లు తొడిగినా నిలబెట్టి, పొడవాటి వేలి ముందు తన బొటనవేలు అడ్డంగా పట్టేంత చోటుందో లేదో నొక్కి చూస్తుంది.

పరుగు పందేల అమ్మాయి ఒకతె నల్లబడ్డ కాలిగోరు చూపించి, "ఇది మాకు మెడల్ పెద్దమ్మా!" అంది.

"మెడలూ లేదు, మన్నూ లేదు. పరుగెత్తితే పాదం ఉబ్బుతుంది, ముందుకు జారుతుంది. చోటు లేకపోతే వేలు అడుగడుక్కీ బూటుకి కొట్టుకుని గోరు కింద రక్తం గడ్డకడుతుంది. కాస్త పొడవైనవి, వేళ్లు కదిలేవి తీసుకో."

ఒకప్పుడు పెద్దమ్మ కూడా తన నల్లగోరు చూసుకుని అలాగే మురిసిపోయింది. అక్క తన ఒక్కగానొక్క బూట్లజత ఇచ్చేస్తే, బిగుతని చెప్పడానికి నోరు రాక రెండేళ్లు వాటితోనే పరుగెత్తింది.

ఇప్పటికీ అక్క కొట్టుకొచ్చినప్పుడల్లా, "నిన్ను గెలిపించింది నా బూట్లేనే!" అంటుంది.

"అవునక్కా" అంటూ పెద్దమ్మ వంకర గోటి పాదాన్ని బల్ల కిందికి లాక్కుంటుంది.