ముదిగుబ్బ మట్టి సంచులు

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేను పెనుకొండలో ఒక మట్టి సర్వే ప్రాజెక్టులో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. జిల్లా నేలల్లో బంకమన్ను ఎక్కడ ఎంత శాతముందో పటం గీయాలి. అంతటా తవ్వలేం కాబట్టి, తవ్విన చోట్ల ల్యాబు ఫలితాలకు ఎత్తు, వాలు, వర్షపాతం, ఉపగ్రహ చిత్రాల విలువలు జతచేసి ర్యాండమ్ ఫారెస్ట్ అనే కంప్యూటర్ మోడల్‌కు నేర్పాను. అందులో ఒక్కో ప్రశ్నకూ కొమ్మ చీలుతూ జవాబుకు చేరే నిర్ణయ వృక్షాలు వందలుంటాయి. ఒక్కొక్కటీ నమూనాల్లోంచి ఇష్టమొచ్చినట్టు ఏరిన గుంపుతో పెరుగుతుంది. అన్నిటి సగటే అంచనా.

మట్టి తెచ్చేవాడు ముదిగుబ్బ మనిషి, యాభై దాటిన సాయిబు, దినకూలీ. ఒక్కో పొలంలో ఐదు చోట్ల తవ్వి, సంచుల మీద ఊరి పేరు రాసి బస్సులో తెచ్చేవాడు.

పరీక్షకని నమూనాల్లో ఐదో వంతు ఎలా పడితే అలా ఏరి, మోడల్‌కు చూపించకుండా పక్కన పెట్టాను. అంచనాలు చక్కగా సరిపోయాయి. మా అధికారి సంబరంగా పైవాళ్లకు పంపాడు. కొత్త ఊళ్లలో సరిచూడమన్నారు వాళ్లు. సాయిబు తలుపుల, ముదిగుబ్బ మండలాల వైపు తిరిగి కొత్త సంచులు తెచ్చాడు. అంచనాకూ ల్యాబు ఫలితానికీ పొంతనే లేదు.

అధికారి ఆయన్ను అందరి ముందూ నిలబెట్టాడు.

"ఏమప్పా, పొలాల్లోకి పోయినావా, బస్టాండు పక్క మట్టే అన్నిట్లో నింపినావా?"

"పోయినా సార్. నేల గట్టిగా ఉండాది, గడ్డపారతో తవ్వినా." బొబ్బలెక్కిన అరచేతులు చూపించాడు.

"బొబ్బలు ఎవురికి కావాలప్పా?"

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు నాకు అసలు సంగతి తట్టింది. ఒకే పొలంలోని ఐదు నమూనాల్లో కొన్ని నేర్పడంలోకి, కొన్ని పరీక్షలోకి పోయాయి. పక్క గుంతను చూసేసిన మోడల్ జవాబు చెప్పడంలో వింతేముంది? ఈసారి ఊళ్లకు ఊళ్లు మొత్తంగా పక్కన పెట్టి మళ్లీ పరీక్షించాను. ఫలితం కొత్త సంచులు చూపించినంత అధ్వానంగానే వచ్చింది. ఆయన మట్టి నిజం. తప్పు నాది.

ఆ ఫలితాల కాగితం అధికారికి ఇచ్చాను.

"ఇది ఇంకెవురికన్నా చూపించినావా?"

"లేదు సార్."

"చూపిస్తే ఎవురి ఉద్యోగం పోతాది?"

కాగితం వెనక్కి తీసుకున్నాను. సోమవారం సాయిబును రావద్దన్నారు. నివేదికలో 'నమూనాల సేకరణలో నిర్లక్ష్యం' అన్న వాక్యం టైపు చేసింది నేనే.

మరుసటి ఏడు ధర్మవరం బస్టాండులో ఆయన బొరుగులు అమ్ముతూ కనిపించాడు. జరిగిందంతా చెప్పేశాను. పొట్లం కడుతూ విన్నాడు.

"అప్పుడే తెలుసునా మీకు?"

"తెలుసు."

"నా పెద్దకొడుకు కూడా నమ్మల్యా సార్, నేను పొలాల్లోకి పోయినానంటే. దొంగసంచుల నాయన అంటాడు ఇప్పుడు కూడా."

వచ్చి వాడికి చెబుతానన్నాను.

"చెప్పాల్సినప్పుడు చెప్పల్యా. ఇంగ ఎందుకు?" అని, నా వెనక నిలబడిన మనిషి కోసం ఇంకో కాగితం చుట్టాడు.